సుగ్గికి పోయిన పిల్లలను బడిలో వెతక్కు

అమ్మాయీ,

నీ థీసిస్ సినాప్సిస్ చదివాను. కర్నూలు జిల్లా కోసిగి వైపు హైస్కూళ్లలో నాలుగు వందల మందికి ప్రశ్నావళి ఇచ్చి, పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారో తేలుస్తానన్నావు. నేనూ మొదట్లో ఇదే చేశాను. మానేసినవాళ్లు తరగతిలో ఉంటే కదా జవాబు చెప్పడానికి! నాకొచ్చిన శాతాలన్నీ మాననివాళ్ల ఊహలు. ఆ పట్టికలు చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముందు 'మానడం' అంటే ఏమిటో తేల్చుకో. ఇంటిల్లిపాదీ సుగ్గికని కూలి పనులకు వలస పోతే పిల్లవాడు గుంటూరు మిరప చేలో ఉంటాడు, పేరు మాత్రం బడి రిజిస్టరులో ఉంటుంది. కాబట్టి పేర్ల లెక్క కాదు, నెలనెలా హాజరు లెక్క తియ్యి.

ఒక బడిని ఊహించుకుందాం. ఎనిమిదిలో 60 మంది. మరుసటి ఏడు తొమ్మిదిలో 48 మందే. లేని 12 మందిలో నలుగురు టీసీ తీసుకుని వేరే బడిలో చేరారు. ఆ బడికి ఫోన్ చేసి ఖాయం చేసుకో, లేకపోతే వాళ్లనూ మానేసినవాళ్లలో కలిపేస్తావు. మిగిలింది ఎనిమిది మంది. ఇప్పుడు ఎనిమిదో తరగతి హాజరు చూడు. డిసెంబరు నుంచి మార్చి మధ్య వరసగా నెలకు పైగా రానివాళ్లు 20 మంది. మానేసిన ఎనిమిది మందిలో ఏడుగురు ఇందులోనే ఉన్నారు. మిగతా 13 మంది తిరిగొచ్చారు.

పరిమాణాత్మక పద్ధతి ఇంతవరకే తీసుకొస్తుంది. ఒకే సుగ్గికి పోయిన 20 మందిలో 13 మంది ఎలా తిరిగొచ్చారన్నది రిజిస్టరు చెప్పదు. ఇక్కడి నుంచి గుణాత్మకం మొదలవ్వాలి. ఏడుగురిలో నలుగురిని, 13 మందిలో నలుగురిని ఎంచుకుని ఇళ్లకు పో. చాలామంది మానేసినవాళ్లనే కలుస్తారు. అప్పుడు 'పేదరికం' అనే ఒక్క మాట వస్తుంది, అది తిరిగొచ్చిన వాళ్ల ఇళ్లలోనూ ఉంది. 'ఎందుకు మానేశావు' అని అడగొద్దు, 'చదువు రాలేదు' అని తల దించుకుంటారు. 'చివరిసారి బడికి పోయిన రోజు ఏం జరిగిందో చెప్పు' అను.

ఊళ్లో అవ్వ ఉన్న పిల్లలు నిలిచారనో, వలస పోయినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్‌లో ఉన్నవాళ్లు నిలిచారనో వినపడొచ్చు. వెంటనే రాసేయకు. ఆ ప్రశ్నను మొత్తం 20 ఇళ్లలో అడిగి లెక్కపెట్టు. మిశ్రమ పద్ధతి అంటే ఇదే. థీసిస్‌లో అంకెలకో అధ్యాయం, మాటలకో అధ్యాయం పెట్టి మధ్యలో కుట్టు వేయకపోతే అది రెండు పద్ధతులు పక్కపక్కన పెట్టడమే. అయితే ఒక బడి లెక్కతో కర్నూలు జిల్లా శాతం చెప్పడానికి నీకు హక్కు లేదు. బడులు పెంచితే పోలిక గట్టిపడుతుంది, అంతే.

ఇంకోటి, డిసెంబరులో ఇళ్లకు పోతే తాళాలు కనిపిస్తాయి. అప్పుడు రిజిస్టర్ల పని చూసుకో. మిరప కోతలు ముగిసి జనం ఊరు చేరాక, సాయంత్రం పూట పో.

ఉంటా.