అబ్బాయి గొంతు నమ్మి అప్పు చేశాను, ఎఫ్‌డీ తెంచాలా?

డల్లాస్‌లో ఉంటున్న మా అబ్బాయి గొంతుతో రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. యాక్సిడెంట్ అయిందనీ, తన ఫోన్ పగిలిందనీ, స్నేహితుడికి డబ్బు పంపమనీ ఏడ్చాడు. 3 లక్షల ఎఫ్‌డీని కదపడం ఇష్టం లేక బ్యాంకు యాప్‌లో 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. రాత్రి లక్ష, తెల్లారాక లక్ష యూపీఐలో పంపాను. ఆ సాయంత్రమే మోసమని తెలిసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాను. వడ్డీ 18 శాతం, గడువు రెండేళ్లు. ఈఎంఐ కట్టుకుంటూ పోవాలా, ఎఫ్‌డీ తెంచాలా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

ఎఫ్‌డీ తెంచి అప్పు తీర్చేయండి. రెండేళ్లు కడితే నెలకు సుమారు 10,000 చొప్పున దాదాపు 2,40,000 అవుతుంది, అందులో వడ్డీయే 40,000 వరకు ఉంటుంది. ముందుగా తెంచినందుకు ఎఫ్‌డీ వడ్డీ రేటులో బ్యాంకు కోసుకునేది సాధారణంగా ఒక శాతం వరకే ఉంటుంది కనుక, ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో అడిగి ఈ వారంలోనే ముగించండి. మోసగాడికి చేరిన సొమ్మే అయినా, మీ ఫోన్‌లో మీ అనుమతితో తీసుకున్న రుణం కాబట్టి మీరే కట్టాలి. డిజిటల్ రుణానికి కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ లోపల అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. మీకు ఆ గడువు దాటిపోయి ఉంటుంది. 1930 ఫిర్యాదు సంఖ్యను మీ బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. దారిలో ఏదైనా ఖాతాలో సొమ్ము నిలిచిపోయి ఉంటే దాన్ని రాబట్టుకోవడానికి అదే ఆధారం.

మీ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం వేరే ఉంది. చేతిలో ఎఫ్‌డీ పెట్టుకుని 18 శాతానికి అప్పు చేయడం నేను తరచూ చూస్తున్న పొరపాటు. ఎఫ్‌డీ తెంచాలంటే మనిషి ఒక్క క్షణమైనా ఆగి ఆలోచిస్తాడు, ప్రీ అప్రూవ్డ్ లోన్ ఆ క్షణాన్ని కూడా మిగల్చదు. రాత్రి పదిన్నరకు రెండు నొక్కులతో ఖాతాలో పడే రుణం మీకు సౌకర్యమని బ్యాంకు చెప్పవచ్చు గానీ, దానివల్ల సౌకర్యం కలిగింది మోసగాడికే.

గొంతును గుర్తుపట్టగలమన్న నమ్మకం వదిలేయండి. సోషల్ మీడియాలో పెట్టిన చిన్న వీడియోలోని మాటలు చాలు, ఆ గొంతును తయారు చేయడానికి. వీడియో కాల్ కూడా రుజువు కాదు. 2023లో కోజికోడ్‌లో ఒక విశ్రాంత ఉద్యోగి అనుమానపడి వీడియో కాల్ అడిగితే, పాత సహోద్యోగి ముఖం కొన్ని సెకన్లు కనిపించి మాయమైంది. అది చూసి ఆయన 40,000 పంపారు. వెంటనే మరో 35,000 అడగడంతో అనుమానం వచ్చి, అసలు స్నేహితుడికే ఫోన్ చేసి మోసమని తెలుసుకున్నారు.

ఆయన రెండోసారి చేసిన పనే మొదట చేయవలసినది. "పెట్టేయ్ నాన్నా, నేను చేస్తాను" అని కాల్ కట్ చేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయాలి. మనకు వచ్చే కాల్‌లో ఏ నంబరైనా కనిపించేలా చేయగలరు, కానీ మనం నొక్కిన నంబరుకు వెళ్లే కాల్ సాధారణంగా అసలు మనిషికే చేరుతుంది. వాట్సాప్ ఖాతా వేరొకరి చేతికి చిక్కి ఉండవచ్చు కాబట్టి మామూలు కాలే చేయండి. ఫోన్ పగిలిందన్నారు కదా, కోడలికో, అబ్బాయి పక్కింటివారికో చేసి ఉండవచ్చు. తెల్లారాక పంపిన రెండో లక్షకు మీ చేతిలో ఒక రాత్రంతా ఉంది! ఎవరూ దొరకకపోతే ఫేస్‌బుక్‌లో దొరకని ప్రశ్న అడగండి. పుట్టినరోజు కాదు, చిన్నప్పుడు ఇంట్లో మాత్రమే పిలిచిన పేరు లాంటిది. పిన్ నొక్కే ముందు యూపీఐ తెరపై కనిపించే బ్యాంకింగ్ పేరు కూడా చదవాలి. స్నేహితుడని చెప్పిన పేరు ఒకటి, తెరపై ఉన్నది ఇంకొకటి అయితే అక్కడితో ఆగిపోవాలి.

ఇక అత్యవసర నిధి గురించి చెబుతాను, ఎన్నిసార్లైనా చెబుతాను. అప్పు తీరాక మీ దగ్గర లక్ష మిగులుతుంది. ఈఎంఐగా పోవలసిన 10,000ను నెలనెలా లిక్విడ్ ఫండ్ అనే మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే 20 నెలల్లో పోయిన 2 లక్షలూ తిరిగి నిండుతాయి. అందులోని సొమ్ము మీ సొంత ఖాతాకే, సాధారణంగా మరుసటి పనిదినానికి వస్తుంది. ఆ ఆలస్యమే మీకు కాపలా. వెంటనే వెనక్కి తీసుకునే సౌకర్యం కొన్ని ఫండ్లలో రోజుకు 50,000 వరకే ఉంటుంది, నిజమైన ఆసుపత్రి అడ్వాన్సుకు చాలావరకు అది చాలు. 20,000 దాటిన ఏ చెల్లింపైనా మీ శ్రీమతికి చెప్పాకే పంపాలని ఇంట్లో అనుకోండి. యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని తగ్గించుకుని, ప్రీ అప్రూవ్డ్ లోన్ ఆఫర్లు వద్దని బ్యాంకుకు రాసి ఇవ్వండి. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం ఇంతకంటే ఖరీదు, దాని జోలికి పోవద్దు. సైబర్ బీమా తీసుకునే ఆలోచన ఉంటే, ఖాతాదారు తన చేతులతో పంపిన సొమ్ముకు పరిహారం ఇస్తారో లేదో పాలసీ పత్రంలో చదివాకే ప్రీమియం కట్టండి.