దాచిన అప్పు గురించి ఆయనను ఎలా అడగాలి?

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లై తొమ్మిదేళ్లయింది, ఇద్దరు పిల్లలు. మావారు ప్రైవేటు కంపెనీలో సేల్స్‌లో పనిచేస్తారు. నెల క్రితం పాప ఆయన ఫోన్‌లో పాటలు చూస్తుంటే, లోన్ యాప్ వాయిదా 8,640 రూపాయలు బకాయి ఉందని మెసేజ్ వచ్చింది. తర్వాత చూస్తే రెండు క్రెడిట్ కార్డుల బకాయిలు కూడా కనిపించాయి. మా మామగారు అప్పుల వల్లే పొలం అమ్ముకున్నారు. ఆ మాట ఎత్తితేనే ఈయన ముఖం మారిపోతుంది. నేను కూడా ఆయనకు చెప్పకుండా గాజులు తాకట్టు పెట్టి మా తమ్ముడి కాలేజీ ఫీజుకు 60,000 ఇచ్చాను. ఆయన చిన్నబుచ్చుకోకుండా ఈ మాట ఎలా మొదలుపెట్టాలి?

సలహా: ముందుగా గాజుల సంగతి చెప్పండి. ఆయన అప్పు మాట ఎత్తక ముందే మీ తాకట్టు రసీదు ఆయన చేతిలో పెట్టి, ఎప్పుడు పెట్టారో, ఎంత తెచ్చారో, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేకపోయారో చెప్పండి. అయితే దీన్ని ఎత్తుగడగా వాడవద్దు. "నాది చెప్పేశాను, ఇక మీది చెప్పండి" అన్న బేరంలా వినిపిస్తే ఆయన నోరు మెదపరు. వచ్చే నెల విడిపించేసి అప్పుడు చెబుదామనుకుంటూ నెలలు ఎలా గడిచిపోతాయో మీకు స్వయంగా తెలుసు కదా, ఆ మాటే ఆయనకు చెప్పండి. పొలం పోవడాన్ని చిన్నతనంలో చూసిన మనిషికి అప్పు అంటే లెక్క మాత్రమే కాదు, నాన్నలా తానూ ఓడిపోయానన్న ముద్ర. మీరు తీర్పు చెప్పడానికి వచ్చారని తోస్తే ఆయన అప్పును కాక ఆ ముద్రను దాచుకోవడానికే చూస్తారు.

మెసేజ్ చూసిన సంగతి ఆ తర్వాత వెంటనే చెప్పేయండి. ఏమీ తెలియనట్టు "మనకు అప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగి ఆయన నిజం చెబుతారో లేదో పరీక్షించవద్దు. భయంలో ఉన్న మనిషి ఆ క్షణాన "ఏమీ లేవు" అనేస్తారు; అప్పటిదాకా దాపరికంగా ఉన్నది అబద్ధంగా మారుతుంది, ఆ తర్వాత గొడవంతా ఆ అబద్ధం మీదికే పోతుంది. ఇలా చెప్పి చూడండి: "ఏమండీ, నెల క్రితం పాప చేతిలో మీ ఫోన్ ఉన్నప్పుడు వాయిదా మెసేజ్ కనిపించింది. తర్వాత కార్డుల బకాయిలు కూడా నేనే చూశాను, మిమ్మల్ని అడగకుండా చూడటం తప్పే. ఎందుకు తీసుకున్నారని ఇవాళ అడగను. ఎవరికి ఎంత కట్టాలో ఇద్దరం కూర్చుని రాసుకుందామని మాత్రం అడుగుతున్నాను."

"ఎందుకు" అన్న ప్రశ్నను మొదటి రోజు పక్కన పెట్టమనడానికి కారణం ఉంది. "ఎందుకు చేశారు?" అంటే సంజాయిషీ చెప్పుకోవాలి, "ఎంత ఉంది?" అంటే అంకె చెబితే చాలు. అంకె చెప్పడం తేలిక. కారణాలు అంకెల వెనుక నెమ్మదిగా వాటంతట అవే బయటికి వస్తాయి. మామగారి పేరు, పొలం పేరు ఆ రోజు మీ నోట రాకూడదు. వాయిదా తేదీ ఉన్న రోజు, పిల్లలు మేలుకుని ఉన్న వేళ వద్దు. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడగడం కన్నా, సాయంత్రం నడకలోనో డాబా మీదో పక్కపక్కన ఉన్నప్పుడు మొదలుపెట్టడం మేలు.

ఆయన సరే అంటే ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు గడులు గీయండి: ఎవరికి, ఇంకా ఎంత, నెలకు ఎంత వడ్డీ. వడ్డీని శాతాల్లో కాక మనకు అలవాటైన రూపాయల లెక్కలో రాయండి. ఉదాహరణకు, కార్డు మీద 90,000 ఉండి, నూటికి నెలకు మూడున్నర రూపాయల వడ్డీ పడుతోందనుకుందాం. కనీస మొత్తమని నెలకు 4,500 కడితే అందులో 3,150 వడ్డీకి, దాని మీద జీఎస్టీ కింద 567 పోతాయి. అసలులో తగ్గేది 783 మాత్రమే. చాలామంది ఈ లెక్క తెలియక, "నెలనెలా కడుతున్నా తీరడం లేదంటే నాలోనే ఏదో లోపం ఉంది" అని తమను తాము తిట్టుకుంటారు. లోపం ఆ వడ్డీలో ఎంత ఉందో కాగితం మీద చూసినప్పుడు గొంతు మారడం నేను చాలాసార్లు విన్నాను.

మొదటి రోజు రాసింది పూర్తి లెక్క కాదని ముందే మనసులో పెట్టుకోండి. వివరాలు కొంత మార్చి ఒక జంట సంగతి చెబుతాను. భర్త మొదట 1,80,000 అని రాశారు. అవన్నీ బ్యాంకు, కార్డు, యాప్ అప్పులే. మూడు వారాల తర్వాత స్నేహితుడి దగ్గర చేబదులుగా తెచ్చిన 70,000, ఆఫీసులో తీసుకున్న అడ్వాన్సు 60,000 బయటపడి, మొత్తం 3,10,000 అయింది. ఆ రెండూ చివర రావడం యాదృచ్ఛికం కాదు. సంస్థకు బాకీ ఉన్నానని చెప్పడం కన్నా, భార్యకు తెలిసిన మనిషికి బాకీ ఉన్నానని చెప్పడం చాలా కష్టం, పరువు చిక్కుకునేది అక్కడే. ఆమె మాత్రం "మొన్న ఎందుకు చెప్పలేదు?" అని నిలదీయడంతో వాళ్లు రెండు నెలలు వెనక్కి వెళ్లారు. అందుకే మీరు మొదటి రోజే గడువు ఇవ్వండి: "పదిహేను రోజుల్లో ఇంకేదైనా గుర్తొస్తే ఇదే కాగితం మీద చేర్చండి, మొన్న ఎందుకు చెప్పలేదని నేను అడగను." అడగకుండా ఉండగలిగితేనే ఆ మాట ఇవ్వండి.

సిబిల్ వంటి నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మీ నివేదికను, ఆయన నివేదికను ఎవరి ఫోన్‌లో వారే, ఒకేసారి తెరవండి. ఆయన పాన్ నంబరుతో చాటుగా తీయవద్దు. చేబదుళ్లు, చీటీ బాకీలు, అనుమతి లేని యాప్‌ల అప్పులు అందులో కనిపించవు కాబట్టి నివేదిక శుభ్రంగా ఉన్నంత మాత్రాన లెక్క పూర్తయినట్టు కాదు.

లెక్క తేలేవరకు మిగిలిన బంగారం తాకట్టు పెట్టకండి, ఏ అప్పుకూ హామీ సంతకం చేయకండి. రికవరీ ఏజెంట్లు బంధువులకు ఫోన్ చేస్తారన్న భయమూ ఆయనను నోరు తెరవనివ్వకపోవచ్చు. అప్పు వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోన్లు చేయడం, కుటుంబసభ్యులను, స్నేహితులను వేధించడం రిజర్వు బ్యాంకు నిబంధనలకు విరుద్ధమని ఆయనకు చెప్పండి. మాటల్లో ఎక్కడైనా "నేను లేకపోతే మీకు ఈ బాధ ఉండదు" వంటి మాట వస్తే లెక్కలన్నీ పక్కన పెట్టి, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అవునంటే ఆయనను ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.

ఖర్చుల అలవాట్ల జోలికి లెక్క పూర్తయ్యాకే వెళ్లండి. జీతం పడిన వారంలో ఒక రోజు ఇరవై నిమిషాలు కూర్చోవడం, ఇద్దరికీ చెరొక చిన్న మొత్తాన్ని లెక్క అడగని చేతిఖర్చుగా ఉంచుకోవడం చాలు. చేతిఖర్చుకూ లెక్క అడిగే ఇంట్లో దాపరికం మళ్లీ మొదలవుతుంది.

మొదటి రోజు ఆయన కోపంతో లేచి వెళ్లిపోయినా వెంట వెళ్లకండి, అత్తగారికో మీ పుట్టింటికో ఫోన్ చేయకండి. "ఆదివారం మళ్లీ కూర్చుందాం" అని మాత్రం చెప్పండి. కాగితం మీద మొదటి వరుసలో మీ చేతి రాతతో "గాజుల తాకట్టు, 60,000" అని రాసి, కింద వరుసలు ఖాళీగా వదిలి, బీరువాలో ఆయన చొక్కాల పక్కన పెట్టి, అక్కడ ఉందని చెప్పండి.