టెక్ సందేహాలు: ట్రిమ్మర్ డబ్బా మీది వాట్లు ఎవరివి?

ప్రశ్న: గడ్డం ట్రిమ్మర్ కొనాలి. ఒకదాని మీద 5 వాట్లు, టైటానియం బ్లేడు, 120 నిమిషాల రన్ టైమ్, 20 లెంత్ సెట్టింగులు అని ఉంది. ఇంకోదాని మీద 3 వాట్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ బ్లేడు, 60 నిమిషాలు, 3, 6, 9, 12 మిల్లీమీటర్ల దువ్వెనలు నాలుగు. రెండింటికీ 600 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీయే. నా గడ్డం బాగా దట్టం. మొదటిదే తీసుకోనా?

జవాబు: తొందరపడకండి, ముందు చిన్న లెక్క చూద్దాం. లిథియం సెల్ వోల్టేజీ సుమారు 3.7. దాన్ని 600 ఎంఏహెచ్‌తో, అంటే 0.6 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 2.2 వాట్ అవర్లు. మోటారు నిజంగా 5 వాట్లు లాగితే ఆ బ్యాటరీ 26 నిమిషాల్లో అయిపోవాలి. మరి 120 నిమిషాలు ఎలా వస్తాయి? ఆ 5 వాట్లు మోటారువి కావు, ఛార్జింగ్‌వి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ అన్నమాట. హెయిర్ డ్రయ్యర్‌లో వాట్లు వేడినీ గాలినీ సూచిస్తాయి కాబట్టి అక్కడ చూడాలి. ట్రిమ్మర్‌లో ఆ అంకెతో పెద్దగా పనిలేదు.

అదే 2.2ను 120 నిమిషాలకు పంచితే మోటారు లాగేది 1.1 వాట్లే. 60 నిమిషాల దానిలో 2.2 వాట్లు. మోటార్ల నాణ్యతలో తేడాలుంటాయి కానీ, బ్యాటరీ ఒకటే అయినప్పుడు ఎక్కువసేపు నడిచేది సాధారణంగా తక్కువ బలంతో నడుస్తుంది. దట్టమైన గడ్డంలో పెట్టగానే శబ్దం మందగించి, వెంట్రుక తెగకుండా లాగినట్టు చురుక్కుమంటే మోటారుకు బలం చాలట్లేదని అర్థం. గడ్డానికి పది నిమిషాలు పడుతుందనుకుంటే గంట రన్ టైమ్ ఆరుసార్లకు వస్తుంది. అది చాలు.

టైటానియం బ్లేడు అంటే చాలావరకు స్టీలు మీద పలుచటి పూత. గట్టిదనం వస్తుంది, పదును దానంతట రాదు. పదును నిలవాలంటే బ్లేడు శుభ్రంగా ఉండాలి. వాడాక బ్రష్‌తో పళ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు దులపండి. నూనె వేయమని మాన్యువల్‌లో ఉంటే రెండు బ్లేడ్లూ రాసుకునే చోట ఒక్క చుక్క వేసి, పది సెకన్లు నడిపి తుడవండి. సిరామిక్ బ్లేడు తక్కువ వేడెక్కుతుంది గానీ కింద పడితే పన్ను విరిగిపోవచ్చు.

ఇక అటాచ్‌మెంట్లు. 20 సెట్టింగులు అంటే 20 దువ్వెనలు కావు. సాధారణంగా అర మిల్లీమీటరు చొప్పున 10 వరకు జరిగే ఒకే దువ్వెన. దాని లాక్ వదులైతే నొక్కినప్పుడు కిందికి జారి, మధ్యలో ఒకచోట గడ్డం పొట్టిగా తెగిపోతుంది. విడి దువ్వెనలకు ఆ బాధ లేదు. అయితే వాటితో 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంచడం కుదరదు.

మీరు 3 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంచుకునేవారైతే రెండోదే తీసుకోండి. ఒకటి, రెండు మిల్లీమీటర్ల గరుకు గడ్డమే ఇష్టమైతే మొదటిది సరిపోతుంది. అలాంటప్పుడు గడ్డం పెరగనివ్వకుండా రెండు మూడు రోజులకోసారి ట్రిమ్ చేసుకోండి.