పది అంతస్తుల షాఫ్ట్‌లో బస్‌బారా, కేబులా? ఫైర్ సీల్ సంగతేంటి?

"మాది విజయనగరంలో స్టిల్ట్ మీద 10 అంతస్తుల అపార్ట్‌మెంట్, అంతస్తుకి 4 ఫ్లాట్లు. షాఫ్ట్‌లో బస్‌బార్ ట్రంకింగ్ వేస్తే నీట్‌గా ఉంటుందని బిల్డర్ అంటున్నాడు, కేబుల్ చాలని కాంట్రాక్టర్ అంటున్నాడు. ఏది మంచిది? స్లాబ్ దగ్గర ఫైర్ సీల్ ఎలా చేయించాలి?"

కేబులే వేయించండి. బస్‌బార్ అంటే కేబుళ్లకి బదులు రేకు పెట్టెలో లోహపు కడ్డీలు నిలబెట్టి, ప్రతి అంతస్తుకీ అందులోంచే కరెంటు తీసుకోవడం. అది మీకెందుకు కుదరదో కారణం మీ మీటర్ల దగ్గరే ఉంది. మన వైపు అపార్ట్‌మెంట్లలో మీటర్ బోర్డు ఎక్కువగా కింద స్టిల్ట్‌లోనే పెడతారు. మీటరు దాటాక కరెంటు ఎవరిది వాళ్లది, 40 మందిదీ తెచ్చి ఒకే బస్‌బార్‌లో కలపలేం. బస్‌బార్ కావాలంటే మీటర్లు ఏ అంతస్తువి ఆ అంతస్తుకి ఎక్కాలి, దానికి కరెంటు ఆఫీసు ఒప్పుకోవాలి. బిల్డర్ ముందు ఆ మాట తేల్చుకుని రావాలి.

ఒప్పుకున్నారనే అనుకుందాం. ఫ్లాటుకి 5 కిలోవాట్ల చొప్పున మొత్తం 200. అందరూ ఒకేసారి ఏసీ, గీజరు వేయరు కాబట్టి సగం లెక్కేస్తే 100 కిలోవాట్లు, అంటే త్రీఫేజ్‌లో సుమారు 155 ఆంపియర్లు. దీనికి బస్‌బార్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. నా లెక్కలో 400 ఆంపియర్లు దాటాక గానీ దాని గురించి ఆలోచించక్కర్లేదు.

అలాగని బస్‌బార్ చెడ్డదని కాదు. శ్రీకాకుళంలో ఒక కమర్షియల్ బిల్డింగ్‌కి నేనే దగ్గరుండి వేయించాను. 11 అంతస్తులు, సెంట్రల్ ఏసీ, లోడు 475 ఆంపియర్ల దాకా వచ్చింది. అంత లావు కేబుళ్లు రెండు రన్స్ లాగి ప్రతి అంతస్తు ప్యానెల్లోకీ వంచడం నరకం. 630 ఆంపియర్ల బస్‌బార్ నిలబెట్టి, దాన్నుంచి కరెంటు తీసుకోవడానికి అంతస్తుకో ట్యాప్ ఆఫ్ బాక్స్ తగిలించాం. అక్కడ అది సరైన నిర్ణయమే. తప్పు నేను కొలతల్లో చేశాను.

బస్‌బార్ ఫ్యాక్టరీలో ముక్కలుగా తయారై వస్తుంది, సైట్‌లో కోసి సరిచేయడం ఉండదు. ముక్కకీ ముక్కకీ మధ్య జాయింట్ ఎప్పుడూ స్లాబ్ మందంలో పడకూడదు. పడితే బోల్టు బిగించడానికి చెయ్యి పట్టదు, వేడెక్కుతోందో లేదో చూడ్డానికీ ఉండదు. నేను ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లోని ఎత్తులు నమ్మి ఆర్డరు పెట్టేశాను. సైట్‌లో ప్రతి అంతస్తూ 25 ఎంఎం చొప్పున ఎక్కువొచ్చింది. ఒక్క అంతస్తులో అదేం లెక్క? ఆరో స్లాబ్‌కి వచ్చేసరికి 150 ఎంఎం అయి, జాయింట్ సరిగ్గా స్లాబ్ మధ్యలో పడింది. కొత్త కొలతతో ఒక చిన్న ముక్క మళ్లీ చేయించుకునే దాకా పై అంతస్తుల పని ఆగిపోయింది. అప్పటినుంచి స్లాబులన్నీ పడ్డాక టేపు పట్టుకుని షాఫ్ట్‌లో నేనే కొలుస్తాను.

ఈ కొలత, మంట, పొగ పై అంతస్తుకి పాకకుండా ఆపే ఫైర్ బారియర్‌కి కూడా ప్రాణం. బస్‌బార్లలో రెండు రకాలున్నాయి. శాండ్‌విచ్ రకంలో కడ్డీలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, లోపల గాలి పోయే దారి ఉండదు. గాలి ఇన్సులేషన్ రకంలో రేకు పెట్టె లోపలంతా ఖాళీయే, కింద మంట పుడితే అదే పొగగొట్టం అవుతుంది. అందుకే ఆ రకంలో స్లాబ్ దాటేచోట లోపల కూడా ఒక బారియర్ ఫ్యాక్టరీలోనే బిగించి పంపుతారు. అది స్లాబ్ మందంలో కాకుండా జానెడు పైనో కిందో పడితే, ఉండీ లేనట్టే. ఏ రకమైనా పెట్టెకీ స్లాబ్ రంధ్రానికీ మధ్య సందు మాత్రం బయటినుంచి మనం మూయాల్సిందే. శాండ్‌విచ్ కాబట్టి సీల్ అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెప్పేది సూటిగానే ఉంది. ఎలక్ట్రికల్ షాఫ్ట్ వేరుగా ఉండాలి, ప్రతి అంతస్తులోనూ మూయాలి, ఆ మూతకి స్లాబ్‌కి ఉన్నంత ఫైర్ రేటింగ్ ఉండాలి.

మీకు కేబుళ్లు కాబట్టి ఇక్కడే కాస్త ఆగండి. మేస్త్రీలు సిమెంటు కలిపి రంధ్రం పూడ్చేసి అయిపోయిందంటారు. సిమెంటు కాలదు, నిజమే. కానీ దాని మధ్యలో ఉన్న కేబుల్ తొడుగు కాలుతుంది. అది కరిగిపోయాక కేబుల్ చుట్టూ ఖాళీ మిగులుతుంది. 40 కేబుళ్లుంటే 40 ఖాళీలు, పొగకి అవి చాలు. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ కేబులైతే మంట పాకడం, పొగ తగ్గుతాయంతే, తొడుగు కాలకుండా ఉండదు. అందుకని కేబుల్ చుట్టూ వేడికి ఉబ్బే సీలెంట్ కావాలి. తొడుగు కరిగే కొద్దీ అది ఉబ్బి ఆ ఖాళీని నొక్కేస్తుంది. ఇక హార్డ్‌వేర్ షాపులో డబ్బాలో దొరికే మామూలు పీయూ ఫోమ్ అసలు వాడనివ్వకండి, అదే అంటుకుంటుంది.

చేసే పద్ధతి ఇది. కింద రేకు పట్టీ ఆనించి, సందులో రాక్‌వూల్ గట్టిగా కూరాలి, పైన సీలెంట్ పూయాలి. రాక్‌వూల్ ఎంత మందం, సీలెంట్ ఎన్ని ఎంఎం అన్నది కంపెనీ టెస్ట్ రిపోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒకరి రాక్‌వూల్, ఇంకొకరి సీలెంట్ కలిపేస్తే ఆ రేటింగ్ చెల్లదు. కేబుళ్లు మోపులా కట్టి తోస్తే మధ్యలోకి సీలెంట్ చేరదు, కాబట్టి స్లాబ్ దగ్గర విడివిడిగా, ఒకే వరసలో పరవమనండి. మీకు మొదటి స్లాబ్‌లో 40 కేబుళ్లు, చివరి స్లాబ్‌లో 4 మాత్రమే దాటతాయి. అన్నిచోట్లా ఒకే సైజు రంధ్రం వదిలితే, పైన పెద్ద ఖాళీ పూడ్చలేక అవస్థ పడతారు.

కేబుల్ సైజు కూడా ఇప్పుడే చూసుకోండి. పదో అంతస్తుకి అడ్డం, నిలువు కలిపి 55 మీటర్లు అనుకుంటే, 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్‌కి 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియంలో 10 వోల్టుల దాకా దారిలోనే పోతుంది. 16 అయితే ఆరున్నర లోపే. పై అంతస్తులకి 16 వేయించండి. ఫైర్ పంపు, ఫైర్ లిఫ్టు కేబుళ్లు వీటితో కలపకండి, అవి మంటల్లోనూ కాసేపు పనిచేసే ఫైర్ సర్వైవల్ రకంలో వేరే దారిలో పోవాలి.

సీల్ సరిగ్గా పడిందా అన్నది చూడ్డానికి నేను చేసేది చెప్తాను. రాత్రి షాఫ్ట్‌లో లైట్లు తీసేసి, కింది అంతస్తునుంచి ఒకరిని టార్చి పైకి కొట్టమంటాను. పైన ఎక్కడ వెలుగు చుక్క కనబడినా సున్నంతో గుర్తు పెట్టడమే. తర్వాత కేబుళ్ల పక్కన అగరొత్తి పట్టుకుంటాను. పొగ నిలువుగా లేస్తే సరే, సందువైపు లాక్కుపోతుంటే ఎక్కడో దారుందన్నట్టు. శ్రీకాకుళం బిల్డింగ్‌లో ఇలా చూస్తే 11 స్లాబుల్లో మూడింట్లో బయటపడింది. మూడూ మేం వేసిన సీల్సే, కానీ మధ్యలో ఇంటర్నెట్ వాళ్లు వచ్చి స్క్రూడ్రైవర్‌తో పొడిచి వైరు దూర్చేసి పోయారు. మీరు వాళ్లకి వేరే షాఫ్ట్ చూపించి, ఈ తలుపు తాళంచెవి అసోసియేషన్ దగ్గరే ఉంచండి.