మూడో రంగు కనిపిస్తే అసంపూర్ణ బహిర్గతత్వమేనా?

అసంపూర్ణ బహిర్గతత్వం, సహబహిర్గతత్వం, ఎపిస్టాసిస్‌ల మధ్య తేడా ఎలా గుర్తుపట్టాలి?

మొదటి రెండూ ఒకే జన్యువుకు ఉండే రెండు రూపాల, అంటే యుగ్మవికల్పాల మధ్య జరిగేవి. ఎపిస్టాసిస్‌లో ఒక జన్యువు మరో జన్యువు ప్రభావాన్ని కప్పేస్తుంది. అసంపూర్ణ బహిర్గతత్వం చూపే స్నాప్‌డ్రాగన్ మొక్కలో ఒక్క ఎరుపు యుగ్మవికల్పం చేసే వర్ణకం పూర్తి ఎరుపుకు చాలదు కాబట్టి పువ్వు గులాబీ రంగులో ఉంటుంది. సహబహిర్గతత్వం చూపే AB రక్తంలో మాత్రం ఏదీ పలచబడదు. A, B ప్రతిజనకాలు రెండూ కణంపై ఉంటాయి.

ఎపిస్టాసిస్‌కు ఉదాహరణ లాబ్రడార్ కుక్కలు. వాటిలో B నలుపు, b గోధుమ. కానీ E అనే మరో జన్యువు ee రూపంలో ఉంటే వెంట్రుకల్లో ముదురు వర్ణకం ఏర్పడదు, BB అయినా ఒళ్లు పసుపే. అయితే దాని ముక్కు సాధారణంగా నల్లగానే ఉంటుంది! అంటే నలుపు జన్యువు పోలేదు, వెంట్రుకల్లో కనిపించడం లేదంతే. BbEe కుక్కలను జతకడితే పిల్లల్లో నలుపు, గోధుమ, పసుపు 9:3:4 నిష్పత్తిలో వస్తాయి.

ఈ పసుపును మధ్య రంగు అనుకుని చాలామంది అసంపూర్ణ బహిర్గతత్వం అని రాస్తారు. అదే అయితే నిష్పత్తి 1:2:1 రావాలి.