ముందు చక్రం మోత: నట్టు బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది చిన్న గూడ్స్ బండి. వేగం నలభై దాటితే ముందు వైపు నుంచి మోత వస్తోంది. అది టైరుదో బేరింగుదో తెలియడం లేదు. హబ్ నట్టు కొంచెం బిగిస్తే చాలని ఒకరన్నారు. ఈ నెల కిరాయిలు అయ్యేదాకా అలాగే నడపవచ్చా?

జవాబు: నడపవద్దండీ. తనిఖీ చేయకుండా నట్టు అసలే బిగించవద్దు. సరిగ్గా ఆ సలహా విని నేను ఒక హబ్‌నూ, అది తిరిగే ఇరుసు మొన అయిన స్టబ్ యాక్సిల్‌నూ పోగొట్టుకున్నాను.

మా బండి అంబాజీపేట నుంచి రాజమహేంద్రవరానికి కొబ్బరికాయలు తోలుతుంది. ఒక ఏడాది వరద తీశాక, గోదావరి లంక గ్రామానికి వెళ్ళే కాజ్‌వే మీద నిలిచిన నీటిలోంచి రెండు మూడు రోజులు తిప్పాను. పరుగెత్తి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, అరిగిన ఆయిల్ సీల్ అంచు నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. గ్రీజు మజ్జిగలా తెల్లబడి జిగురు పోగొట్టుకుంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు రోలర్ల మీద తుప్పు చుక్కలు పడతాయి. చెరువుల దగ్గర ఉప్పునీరైతే ఇది మరీ తొందరగా జరుగుతుంది.

మూడు వారాల తర్వాత పిండిమర తిరుగుతున్నట్టు మోత మొదలైంది. దాన్ని ఇలా పోల్చుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద వేగం అలాగే ఉంచి రోడ్డు రకం మారినప్పుడు వినండి. తారు నుంచి సిమెంటు మీదికి రాగానే స్వరం మారితే టైరును అనుమానించాలి. మారకుండా, కేవలం వేగాన్ని బట్టే హెచ్చుతగ్గులైతే బేరింగ్ కావచ్చు. కాలువ గట్టు మలుపుల్లో నేను కుడికి తిప్పినప్పుడు మోత పెరిగేది, ఎడమకు తిప్పితే తగ్గేది. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం ఎడమ చక్రం మీదే.

తర్వాత చేత్తో చూడాలి. గట్టి నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు కూడా పెట్టండి. జాకీని మాత్రమే నమ్మవద్దు. టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్కుమని వదులు తెలిస్తే, ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు వదులు పోతే అది బేరింగే. అప్పటికీ ఉంటే బాల్ జాయింట్ గానీ కింగ్ పిన్ గానీ చూడాలి. తర్వాత ఒక చేయి స్ప్రింగు మీద ఉంచి, రెండో చేత్తో చక్రం తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగర వేలికి తెలిస్తే, వదులు లేకపోయినా బేరింగ్ విప్పాల్సిందే. మోత ముందు వస్తుంది, వదులు తర్వాత వస్తుంది. ఆ మధ్య కాలమే తక్కువ ఖర్చుతో బయటపడే అవకాశం.

నాకు వదులు కొంచెమే ఉంది. దారిలో ఒక షాపులో నట్టు బిగించారు. వదులు పోయింది, మోత కూడా తగ్గినట్టు అనిపించింది. కానీ పాడైన రోలర్ల మీద ఒత్తిడి పెరిగి, ఉన్న కాస్త గ్రీజూ కాలిపోయింది. పది రోజులకు రావులపాలెం దగ్గర కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే లోపలి బేరింగ్‌లో రోలర్లను పట్టి ఉంచే కేజ్ ముక్కలైంది. రోలర్లు బేరింగ్ లోపలి రింగైన కోనుకు పట్టేసి, కోనే స్టబ్ యాక్సిల్ మీద తిరిగి దాన్ని గాడి పడేలా అరగదీసింది. హబ్‌లో బిగువుగా కూర్చోవాల్సిన బయటి రింగు, అంటే కప్పు కూడా తిరిగి, దాని గూడు పెద్దదైంది. కొత్త బేరింగ్ పెడితే ఊగింది. మేస్త్రి నా చేతికి ఆ కోను ఇచ్చి, "బాబూ, రెండు బేరింగులూ సీలూ మారిస్తే పోయేది. ఇప్పుడు ఇనుమే పోయింది" అన్నారు. రెండు వేల లోపు పని పదకొండు వేలైంది.

మార్పించేటప్పుడు లోపలి, బయటి బేరింగులు రెండూ వాటి కప్పులతో సహా మార్చమనండి. పాత కప్పులో కొత్త రోలర్లు నిలవవు. సీల్ తప్పక కొత్తది వేయించండి. గ్రీజు పైపైన పూయకుండా, అరచేతిలో వేసి రోలర్ల మధ్య నుంచి అవతలికి పొడుచుకు వచ్చేదాకా నింపాలి. చక్రం తిప్పుతూ నట్టు బిగించి బేరింగులు కూర్చున్నాక, దాన్ని వదులు చేసి మళ్ళీ వేళ్ళతో మాత్రమే బిగించి కొత్త పిన్ వేయడం మా బండి పద్ధతి. మీ బండి కొలత మాన్యువల్‌లో చూసుకోండి. హబ్‌తో కలిసి వచ్చే సీల్డ్ బేరింగ్ అయితే ఈ సర్దుబాటు ఉండదు, మొత్తం యూనిట్టే మార్చాలి.

పని అయ్యాక ఇరవై కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువగా వాడకుండా ఆపి, రెండు హబ్‌ల దగ్గరా చేయి జాగ్రత్తగా పెట్టి చూడండి. ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే నట్టు ఎక్కువ బిగిసి ఉండవచ్చు. ఆ రోజే మళ్ళీ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళండి.