తేలని విషయాన్ని ప్రకటనలో రాయాలా?

ప్రశ్న: తిరుపతిలో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. చిత్తూరులోని ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో హెచ్‌ఆర్ ఇంటర్న్‌ని. లెక్కల విభాగాన్నీ డిస్పాచ్‌నీ కలిపి తిరుపతి కార్యాలయానికి మారుస్తున్నారు. సిబ్బందికి ప్రకటన రాయమన్నారు సార్. ఎన్ని ఉద్యోగాలు మిగులుతాయో యాజమాన్యమే ఇంకా తేల్చలేదు. అది రాయాలా, వదిలేయాలా? ఈ చిత్తుప్రతిని ఉద్యోగ ఇంటర్వ్యూల్లో చూపించవచ్చా?

జవాబు: రాయాలి. మీరు వదిలేస్తే సాయంత్రానికి క్యాంటీన్‌లో ఒక సంఖ్య పుడుతుంది. అది సాధారణంగా అసలు సంఖ్యకన్నా పెద్దదే అయి ఉంటుంది.

అయితే 'ఇంకా తేలలేదు' అని ఊరుకుంటే చాలదు. ఎవరు తేలుస్తారు, ఏ తేదీకి అన్నది పక్కనే ఉండాలి. ఆ తేదీని మీరు ఊహించవద్దు, యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. రెండు విభాగాల్లో 14 మంది ఉన్నారనుకుని రాస్తే ఇలా ఉంటుంది:

"సెప్టెంబరు 1 నుంచి లెక్కలు, డిస్పాచ్ విభాగాలు తిరుపతి కార్యాలయంలో ఒకే విభాగంగా పనిచేస్తాయి. గుజ్జు తయారీ చిత్తూరులోనే సాగుతుంది. అక్కడి షిఫ్టులు మారవు. ఈ రెండు విభాగాల్లో ఇప్పుడు 14 మంది ఉన్నారు. కొత్త విభాగానికి ఎంతమంది కావాలో ఇంకా నిర్ణయించలేదు. ఆ సంఖ్య 14 కంటే తగ్గవచ్చు. దానితోపాటు తిరుపతికి వచ్చేవారి ప్రయాణ భత్యం గురించి కూడా జనరల్ మేనేజర్ ఆగస్టు 5న చెబుతారు. ఆనాటికి నిర్ణయం కాకపోతే, కాలేదనే అదే రోజు తెలియజేస్తాం."

'తగ్గవచ్చు' అన్న వాక్యాన్ని పైవాళ్లు కొట్టేయమంటారు. దాని బదులు 'ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు' అని చేర్చమంటారు. అక్కడ మాత్రం మర్యాదగానే పట్టుబట్టండి. ఆ భరోసా నమ్మి ఒకాయన వేరే చోట వచ్చిన ఉద్యోగం వదులుకుంటాడు, ఇంకొకాయన ఇంటి అప్పు తీసుకుంటాడు. ఆగస్టులో వాళ్లను పంపేస్తే ఆ తర్వాత సంస్థ అంటించే ఏ నోటీసునూ ఎవరూ నమ్మరు.

ప్రకటన నోటీసు బోర్డుకు ఎక్కే ముందే, అదే ఉదయం, ఆ 14 మందికీ మేనేజర్ ఎదురుగా కూర్చుని చెప్పాలి. కింద సంతకం కూడా నిర్ణయం తీసుకున్నవారిదే ఉండాలి, మీది కాదు. ఇంకొకటి, పనివేళలు, వేతనాల వంటి సేవా షరతులు మారేటట్లయితే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక చట్టం చెబుతుంది. మీ ప్రకటన దానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ మార్పు దాని కిందకు వస్తుందో లేదో సంస్థ న్యాయ సలహాదారును ముందే అడిగించండి.

ఇక మీ ఉద్యోగ ప్రయత్నాల సంగతి. ఈ చిత్తుప్రతిని ఇంటర్వ్యూలకు పట్టుకెళ్లవద్దు, అది సంస్థ కాగితం. ఊహించిన సంస్థ పేరుతో, వేరే అంకెలతో ఒక నమూనా రాసుకోండి. దాన్ని చూసి 'ఈ వాక్యం ఎందుకు ఉంచారు?' అని అడిగితే మీరు చెప్పే కారణమే వారికి కావలసింది.